“పర్లేదులెండి” అన్నవాళ్లకు ఏ జవాబు నప్పుతుంది?

కొన్ని మాటలు విన్నప్పుడు బాగానే ఉంటాయి. ఇంటికొచ్చి గిన్నెలు కడుగుతుంటే మండుతాయి. తిట్టు కాదు కాబట్టి తిరిగి తిట్టలేం. మెచ్చుకోలు కూడా కాదు కాబట్టి థాంక్స్ చెప్పలేం. అన్నది దగ్గరి చుట్టమైతే సాయంత్రం ఫోన్ చేసి కడిగెయ్యొచ్చు. స్నేహితురాలైతే అక్కడికక్కడే “ఏంటే ఆ మాట” అనొచ్చు. చిక్కంతా ముఖపరిచయం ఉన్నవాళ్లతోనే. కోప్పడేంత చనువు ఉండదు, పట్టించుకోకుండా వదిలేసేంత దూరమూ ఉండదు. రేపు మళ్లీ లిఫ్టులో ఎదురవుతారు, ఎల్లుండి అసోసియేషన్ మీటింగులో పక్క కుర్చీలో కూర్చుంటారు.

ఇలాంటి చిన్నచూపు మాటకు చాలామందికి రెండే దారులు తోస్తాయి. మొహం గంటు పెట్టుకుని ఊరుకోవడం, లేదా దానికి మించిన మాట అనడం. ఈ రెండింటికీ మధ్య పనికొచ్చే జవాబులు ఇంకా ఉన్నాయి. అవన్నీ అన్నిచోట్లా పనిచేయవు. ఏది ఎక్కడ నప్పుతుందో తేల్చుకోవడానికి ఒకే సందర్భాన్ని తీసుకుని, అన్ని జవాబులనూ దాని మీదే పెట్టి చూద్దాం.

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్. వినాయక చవితి. సెల్లార్‌లో పందిరి వేశారు, పూజ అయింది, ప్రసాదాలు పంచుతున్నారు. రెండో ఫ్లోర్ ఆవిడ కొడుకు ఈ ఏడాదే ఇంటర్ పూర్తిచేసి బీకామ్‌లో చేరాడు. వాడు పక్కనే నిలబడి పులిహోర ప్లేట్లు అందిస్తున్నాడు. నాలుగో ఫ్లోర్ ఆవిడ ప్లేటు అందుకుంటూ అడిగింది.

“మీ వాడు ఎందులో చేరాడండీ?”

“బీకామ్ అండీ.”

“బీకామా? పర్లేదులెండి. అందరికీ ఇంజనీరింగ్ సీట్లు ఎక్కడ వస్తాయి! ఇప్పుడు డిగ్రీ వాళ్లను కూడా కంపెనీలు తీసుకుంటున్నాయట. మా వాడైతే సీఎస్‌ఈ తప్ప ఇంకోటి వద్దని భీష్మించుకు కూర్చున్నాడు.”

చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్లున్నారు. అందరూ విన్నారు. కుర్రాడూ విన్నాడు.

పైకి చూస్తే ఇది ఓదార్పు. కానీ ఓదార్చాలంటే ముందు ఏదో నష్టం జరిగి ఉండాలి కదా. ఆవిడ ఓదార్పులోనే రెండు సంగతులు తీర్మానించేసింది. మీ వాడు ఇంజనీరింగ్‌కి ప్రయత్నించి సీటు తెచ్చుకోలేకపోయాడు, బీకామ్ అనేది అలా మిగిలిపోయినవాళ్లు చేరే చదువు. ఈ రెండూ ఆవిడ నోటితో అనలేదు. అందుకే “అలా ఎందుకన్నారు” అని నిలదీస్తే “నేనేమన్నానండీ, పర్లేదు అనేగా అన్నాను” అని తప్పుకోగలదు. చిన్నచూపు మాటకు బలమంతా ఇక్కడే ఉంది. జవాబు ఇవ్వాల్సింది పైకి వినిపించిన ఓదార్పుకు కాదు, కింద దాగిన ఆ తీర్మానానికి. అయితే అది దాగి ఉన్నట్టు మనం కనిపెట్టామని బయటపెట్టకుండా ఇవ్వాలి.

ముందు అది నిజంగా చిన్నచూపేనా?

జవాబు వెతుక్కునే ముందు ఒక్క క్షణం ఇది చూసుకోవాలి, ఎందుకంటే మన దగ్గర మెచ్చుకోలు తరచుగా తగ్గు స్వరంలోనే వస్తుంది. పిల్లవాణ్ణి నోరారా పొగిడితే దిష్టి తగులుతుందని నమ్మే పెద్దావిడ “పర్లేదు, బానే ఉన్నాడు” అందంటే అది నూటికి నూరు మార్కులు వేసినట్టే. జీతం ఎంత, అద్దె ఎంత, పెళ్లెప్పుడు అని అడగడం కూడా చాలామందికి పలకరింపే తప్ప తూకం కాదు.

గుర్తుపట్టడానికి నేను రెండే చూస్తాను. ఒకటి, ఆ మాట వెనకే వాళ్ల సొంత గొప్ప వచ్చిందా? మన కథలో వచ్చింది, “మా వాడైతే” అని. రెండు, మన జవాబు కోసం ఆగకుండా మాట ముగించేశారా? నిజంగా తెలుసుకోవాలనుకున్నవాళ్లు ఏ కాలేజీ, బస్సు ఉందా, హాస్టలా అని ఇంకో ప్రశ్న వేస్తారు. తూకం వేసినవాళ్లకు తూకం అయిపోయింది, ఇంక అడగాల్సిందేమీ ఉండదు. ఈ రెండిట్లో ఏదీ లేకపోతే అది తెలియక అన్న మాట అనుకోవడమే మంచిది. అనుమానం తీరకపోయినా అలా అనుకునే జవాబివ్వాలి. కింద చెప్పబోయే వాటిలో మంచి జవాబులన్నీ, ఆవిడ అమాయకంగా అని ఉన్నా చెడిపోకుండా నిలిచేవే.

ఊరుకుంటే ఏమవుతుంది

మౌనం మర్యాద అనుకుంటాం. ఎదుటివాళ్లకు మాత్రం అది అలా వినిపించదు. మాటల మధ్య మనుషులు తీసుకునే విరామం మనం అనుకునే దానికంటే చాలా చిన్నది. 2009లో అచ్చయిన ఒక పరిశోధనలో పది భాషల మాటల్ని కొలిస్తే, అవును కాదు అని చెప్పగల ప్రశ్నకు రెండోవారు అందుకోవడానికి సగటున సెకనులో ఐదో వంతు పట్టింది. భాషను బట్టి కొంచెం అటూ ఇటూ అయినా పెద్ద తేడా లేదు. ఆ పదింటిలో తెలుగు లేదు గానీ, మన సెల్లార్ కబుర్లు అంతకంటే నెమ్మదిగా సాగుతాయని నేననుకోను. అలాంటి వేగంలో ఒక్క సెకను ఆగినా చుట్టూ ఉన్నవాళ్లకు ఏదో తేడా జరిగిందని తెలిసిపోతుంది. రెండు సెకన్లయితే అందరూ ప్లేట్లలోకి చూస్తారు.

పైగా మన కథలో మౌనానికి ఇంకో అర్థం కూడా పుడుతుంది. పక్కనున్న కొడుక్కి అది “అమ్మ కూడా అలాగే అనుకుంటోంది” అని వినిపించవచ్చు.

అందుకే ఏ జవాబు ఎంచుకున్నా మొదటి చప్పుడు వెంటనే రావాలి. అది జవాబే కానక్కర్లేదు. “ఆఁ, బీకామేనండీ” అంటే చాలు, ఆలోచించుకోవడానికి మూడు నాలుగు సెకన్లు దొరుకుతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఉత్త “అవునండీ” అంటే ఆవిడ తీర్మానానికి కూడా తలూపినట్టవుతుంది. అవునన్న మాటను మనకు ఇష్టమైన నిజానికి కట్టాలి. “అవునండీ, బీకామే” అంటే బీకామ్ అన్నది అవును, మిగతాది కాదు.

నవ్వేసి మాట మార్చడం

ఇది మౌనం కాదు. “ఆఁ, బీకామేనండీ. పులిహోర ఇంకొంచెం వేయమంటారా?” అని నవ్వుతూ ముందుకు వెళ్లిపోవడం. మనసులో ఏమున్నా మొహంలో చిరాకు లేకుండా వదిలేయడం.

ఇది పిరికితనం అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. నేను అలా అనుకోను. పెళ్లి భోజనాల దగ్గర ఎదురుబంతిలో కూర్చున్న, మళ్లీ జన్మలో కనపడని మనిషి అన్న మాటకు ఇంతకంటే ఖర్చు పెట్టడం దండగ. ఆతిథ్యం ఇస్తున్నది మనమే అయినా ఇదే మేలు. గృహప్రవేశానికి వచ్చినావిడ “ఇద్దరికి సరిపోతుందిలెండి” అంటే, భోజనానికి కూర్చోబెట్టడమే ఆ పూటకు జవాబు.

కానీ బీకామ్ కథలో ఇది నాకు నప్పలేదు. అన్నది రోజూ కనపడే మనిషి. మాట తగిలింది మనకు కాదు, పక్కనున్న పిల్లవాడికి. మన మీద పడ్డ మాటను వదిలేసే హక్కు మనకు ఉంది. వాడి మీద పడ్డదాన్ని వాడి ముందే వదిలేస్తే, వదిలేసింది మాటనా తననా అని వాడికి అనుమానం వస్తుంది.

ఒక్క వాక్యంలో నిజం

నేను ముందుగా చూసే జవాబు ఇది. ఆవిడ దాచిపెట్టిన తీర్మానాన్ని పడగొట్టే ఒక్క నిజాన్ని వెతికి, మామూలు గొంతుతో చెప్పి, వెంటనే మాటను ఆవిడకే తిరిగి అందించడం.

“ఇంటర్‌లోనే ఎంఈసీ తీసుకున్నాడండీ, వాడికి అకౌంట్సంటే ఇష్టం. మీ వాడికి ఏ కాలేజీలో వచ్చింది?”

ఇందులో ఎంఈసీ అన్న ఒక్క మాట చాలా పని చేస్తుంది. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కి వెళ్లాలంటే ఇంటర్‌లో లెక్కలతో పాటు ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి. లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్ తీసుకున్నవాడు ఆ ఎంసెట్ వరుసలోనే నిలబడలేదు. (పరీక్ష పేరు రెండు రాష్ట్రాల్లోనూ ఈఏపీసెట్ అయింది గానీ సెల్లార్‌లో ఇంకా ఎంసెటే.) అంటే సీటు రాకపోవడం అన్న ప్రశ్నే లేదు. ఈ సంగతి చుట్టూ ఉన్న తల్లులందరికీ విడమరచకుండానే అర్థమవుతుంది, ఎందుకంటే వాళ్లూ రెండేళ్ల కింద ఎంపీసీయా ఎంఈసీయా అని ఇళ్లల్లో తర్జనభర్జన పడినవాళ్లే. నాలుగో ఫ్లోర్ ఆవిడకు మాత్రం పట్టుకుని వాదించడానికి ఏమీ దొరకదు. ఆవిడను మనం ఏమీ అనలేదు. ఆవిడ గురించి అడిగాం, అంతే.

చివర్లో వేసిన ప్రశ్న మర్యాద కోసమే కాదు. మన వాక్యం తర్వాత వచ్చే ఖాళీని అది నింపుతుంది. ప్రశ్న లేకపోతే అందరూ ఆవిడ మొహం వైపు చూస్తారు, ఆవిడ ఇరుకున పడి ఇంకో మాట అంటుంది. ప్రశ్న ఉంటే ఆవిడ హాయిగా కొడుకు కాలేజీ గురించి చెప్పుకుంటుంది. చెప్పుకోనివ్వండి. ఆవిడ గొప్ప తగ్గించడం మన పని కాదు, మన వాడి మీద పెట్టిన తక్కువను తీసేయడమే పని.

ఈ జవాబు ఎక్కువగా చెడేది ఒక్కచోట. ఆపాల్సిన చోట ఆపలేకపోవడం. ఎంఈసీ అన్న తర్వాత నోరు ఊరుకోదు. “బీకామ్ చదువుతూనే సీఏ ఫౌండేషన్ రాస్తాడండీ, ఇప్పుడు ఆర్టికల్‌షిప్ కూడా మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించారు, సీఏ అయితే ఇంజనీర్లకంటే ఎక్కువే వస్తుందట...” ఇందులో అబద్ధం లేకపోవచ్చు. 2023లో వచ్చిన కొత్త స్కీములో ఆర్టికల్‌షిప్ రెండేళ్లే. కానీ ఒక నిజం తర్వాత రెండోది, మూడోది పేర్చడం మొదలుపెట్టగానే మనం రుజువులు చూపిస్తున్నట్టు అవుతుంది, ఆవిడ తీర్పు చెప్పే కుర్చీలో కూర్చుంటుంది. “అబ్బో, సీఏ చాలా కష్టమండీ, మా చుట్టాలబ్బాయి ఎన్నిసార్లు రాశాడో” అని రెండో చిన్నచూపు అప్పుడు వస్తుంది. చివర్లో ఇంజనీర్ల జీతం ప్రస్తావన అయితే నేరుగా ఆవిడ కొడుకు మీద పడే రాయి. ఒక్క వాక్యం, ఒక్క ప్రశ్న. అక్కడితో ఆగాలి.

గొంతు కూడా చూసుకోవాలి. మాటలు ఎంత మెత్తగా ఉన్నా “అండీ” దగ్గర సాగదీస్తే వెటకారం అయిపోతుంది. మన భాషలో మర్యాద తగ్గించడం ఎంత కోపమో, అవసరానికి మించి పెంచడం కూడా అంత కోపమే. “మీలాంటి పెద్దవాళ్లు చెప్పాక ఇంకేముందండీ” అన్నది తిట్టేనని ప్రతివాళ్లకూ తెలుసు. రోజూ ఆవిడను ఎలా పిలుస్తామో అలాగే పిలవాలి, ఒక గారు తగ్గకుండా, ఒక అండీ పెరగకుండా.

తిరిగి అడగడం

దాచిన తీర్మానంలో పడగొట్టగలిగే తప్పు లేనప్పుడు పై జవాబు పనిచేయదు. శ్రీకాకుళం నుంచి వచ్చి హైదరాబాద్ ఆఫీసులో చేరిన అమ్మాయిని క్యాంటీన్‌లో వేరే టీమ్ వాడు “మీ యాస భలే కామెడీగా ఉంటుందండీ, ఏదీ ఇంకోసారి మాట్లాడండి” అంటే, సరిదిద్దడానికి అక్కడ నిజమేముంది? మాట్లాడేది ఆ యాసే. తక్కువ చేసింది సంగతిని కాదు, మనిషినే. వరంగల్ అమ్మాయికి విజయవాడలోనూ, కడప అబ్బాయికి ఇంకోచోటా ఇది తెలిసిన అనుభవమే.

ఇక్కడ ప్రశ్న బాగా పనిచేస్తుంది. “కామెడీగా అంటే ఏ మాటండీ?” అని నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడగాలి. వాడు ఇప్పుడు రెండిట్లో ఒకటి చేయాలి. ఒక మాట ఎత్తి చూపించి అందులో నవ్వేదేముందో చెప్పాలి, లేదా “అబ్బే, ఊరికే, వినడానికి బాగుంటుందని” అని వెనక్కి తగ్గాలి. ఎక్కువమంది తగ్గుతారు, ఎందుకంటే చిన్నచూపు సూచించినంత సులువుగా విడమరచి చెప్పడం కుదరదు. తగ్గినప్పుడు వదిలేయాలి. “ఓహో, సరే” అని టీ తాగాలి. తగ్గినవాణ్ణి మళ్లీ నిలబెట్టి “మరి కామెడీ అన్నారు కదా” అంటే, అప్పటిదాకా మన వైపున్న టేబుల్ మొత్తం వాడి వైపు వెళ్లిపోతుంది.

తెలుగులో ప్రశ్న కత్తి మీద సాము లాంటిది. “అంటే?” అని ఒక్క ముక్కగా అడిగితే కయ్యానికి కాలు దువ్వినట్టే. “మీ ఉద్దేశం ఏంటి?” అయితే చొక్కా చేతులు మడిచినట్టే. ప్రశ్న ఆ మనిషి ఉద్దేశం మీద కాకుండా, వాడిన మాట మీద ఉండాలి. “ఏ మాటండీ”, “ఏ విషయంలోనండీ”, “అర్థం కాలేదండీ, మళ్లీ చెప్పండి” ఇవి నిలుస్తాయి. “ఎందుకన్నారు” నిలవదు.

బీకామ్ కథలో ప్రశ్న వాడితే? “పర్లేదంటే ఎలాగండీ?” అనొచ్చు. పనిచేయకపోదు. కానీ నలుగురి మధ్య, పండగ పూట, ఆవిడ వయసులో పెద్దదైతే ఇది కాస్త బరువైన జవాబు. పైగా ఆవిడ విడమరచడానికి సిద్ధపడితే, డిగ్రీ వాళ్లకు ఉద్యోగాలు ఎందుకు రావో కుర్రాడు నిలబడి పూర్తిగా వినాల్సి వస్తుంది. ఒక్క నిజంతో పని అయ్యేచోట ప్రశ్న దాకా వెళ్లక్కర్లేదు.

నవ్వులాటగా అనడం

కుదిరితే ఇంతకంటే అందమైనది లేదు. కుదరకపోతే ఇంతకంటే నష్టమైనదీ లేదు.

“అందరూ ఇంజనీర్లే అయితే మన మెయింటెనెన్స్ లెక్కలు ఎవరు చూస్తారండీ!”

ఇది ఎందుకు బాగుందో చూడండి. ఇందులో ఆవిడ కొడుకు లేడు, మన కొడుకు తక్కువ కాలేదు, నవ్వు పడింది ఏటా జనరల్ బాడీ మీటింగులో ఎవరికీ అర్థం కాని జమాఖర్చుల కాగితం మీద. ఆవిడ కూడా నవ్వగలదు. జోకుకు పరీక్ష అదే. అన్నావిడ కూడా మనతో కలిసి నవ్వగలిగేదేనా? “ఇంజనీర్లు వీధికి పదిమంది ఉన్నారు కదండీ” కూడా నవ్వు తెప్పిస్తుంది, కానీ ఆ నవ్వులో ఆవిడ ఉండదు. అది జోకు వేషంలో వచ్చిన ఎదురుదెబ్బ. ఆవిడ దాన్ని ఇంటికి పట్టుకెళ్తుంది.

ఇంకో రకం మరీ ప్రమాదం, అది మర్యాదలా కనిపిస్తుంది కాబట్టి. మనల్ని మనమే తగ్గించుకుని నవ్వించడం. “మా వాడి బుర్రకి అదే ఎక్కువలెండి!” అందరూ హాయిగా నవ్వుతారు, గాలి తేలికపడుతుంది, ఆవిడ తీర్మానం మీద మనమే సంతకం పెట్టినట్టవుతుంది. మనమీద మనం వేసుకునే జోకు మన ఇష్టం. పిల్లల మీద, భర్త మీద, పుట్టింటి మీద ఇలా వేసి ఇబ్బందిని దాటేయడం మనకు బాగా అలవాటు. దాని ఖర్చు వాళ్లు కడతారు.

జోకు తోచకపోతే వెతుక్కోకండి. ఐదు సెకన్లు ఆలోచించి తెచ్చిన జోకు జోకు కాదు.

తర్వాత విడిగా చెప్పడం

ఒకసారి అన్న మాటకు ఇది ఎక్కువ. మూడోసారి అన్న మాటకు ఇదొక్కటే సరిపోతుంది. నాలుగో ఫ్లోర్ ఆవిడ ఉగాదికి మీ పాత కారు గురించి, సంక్రాంతికి మీ ముగ్గు గురించి, చవితికి మీ వాడి బీకామ్ గురించి అని ఉంటే, నలుగురిలో ఎన్ని ఒక్క వాక్యం జవాబులిచ్చినా అవి ఆ పూటకే పనిచేస్తాయి. అలవాటు మారాలంటే ఆవిడతో ఒంటరిగా మాట్లాడాలి.

ఎప్పుడన్నది ముఖ్యం. రెండు మూడు రోజుల్లో అయితే అది జరిగిన సంగతి గురించి మాట. నెల దాటితే “ఇన్నాళ్లూ మనసులో పెట్టుకుందట” అన్నది మాటవుతుంది. ఎక్కడన్నదీ ముఖ్యమే. వాకింగ్ చేస్తూ పక్కపక్కన నడుస్తున్నప్పుడైతే ఎదురెదురు మొహాలు చూసుకోవాల్సిన పని ఉండదు. వాట్సాప్‌లో మాత్రం వద్దు. అక్కడ గొంతు వినపడదు, స్క్రీన్‌షాట్ మాత్రం మిగులుతుంది.

సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1955లో రాసిన ఒక వ్యాసంలో, మనుషుల మధ్య పరువుకు దెబ్బ తగిలినప్పుడు దాన్ని సరిచేసుకునే తీరును నాలుగు అడుగులుగా వర్ణించాడు. ఒకరు జరిగినదాన్ని ఎత్తి చూపుతారు. రెండోవారు సర్దుబాటుగా ఏదో ఒకటి చెబుతారు. మొదటివారు దాన్ని ఒప్పుకుంటారు. రెండోవారు అందుకు కృతజ్ఞత చూపుతారు. ఇది తెలుసుకుంటే విడిగా మాట్లాడటం ఎక్కడ చెడిపోతుందో కనిపిస్తుంది. మనం మొదటి అడుగు గురించే రాత్రంతా ఆలోచిస్తాం. చెడేది ఎక్కువగా మూడోదాని దగ్గర.

మొదటి అడుగు ఇలా ఉండొచ్చు. “మొన్న పందిట్లో మా వాడి చదువు గురించి మీరన్న మాట వాడు విన్నాడండీ. కాస్త చిన్నబుచ్చుకున్నాడు. మీరు ఆ ఉద్దేశంతో అని ఉండరు, అయినా మీకు తెలియాలని చెబుతున్నాను.” ఇందులో ఏం జరిగిందో ఉంది, దాని ఫలితం ఉంది, ఆవిడ తప్పుకోవడానికి దారి ఉంది. ఉగాది కారు, సంక్రాంతి ముగ్గు లేవు. అవి కూడా బయటకు తీస్తే ఇది మాట కాదు, చార్జిషీటు. ఒక్క సంఘటన చెబితే చాలు, మిగతావి ఆవిడే గుర్తుచేసుకుంటుంది. ఇంకోటి, వాడు నిజంగా చిన్నబుచ్చుకుంటేనే ఆ మాట చెప్పాలి. పట్టించుకోని పిల్లవాణ్ణి అడ్డం పెట్టుకోకుండా “నాకు కాస్త కష్టమనిపించింది” అనడం నయం.

ఆవిడ సర్దుబాటు మనం కోరుకున్నంత బాగుండదు. “అయ్యో, నేను ఊరికే అన్నానండీ, అంత ఆలోచించలేదు” అంటుంది. క్షమాపణ అన్న మాట అందులో ఉండదు. అయినా మన ముఖపరిచయాల్లో దొరికే సర్దుబాటు దాదాపు అంతే. దాన్ని అక్కడే అందుకోవాలి. “తెలుసండీ, అందుకే మీతో చెప్పగలిగాను.” ఇక్కడ “ఊరికే అలా ఎలా అంటారు” అని పట్టుపడితే మూడో అడుగు పడదు, సంగతి మళ్లీ మొదటికి వస్తుంది. అప్పటికి ఆవిడకు కోపం కూడా తోడవుతుంది.

వాట్సాప్ గ్రూపులో అయితే

లెక్క కొంచెం మారుతుంది. అక్కడ ఒక్క సెకను నియమం లేదు. పది నిమిషాలు, అరగంట ఆగినా అది మౌనం కాదు, పనిలో ఉన్నట్టు. కాబట్టి కోపం తగ్గాకే టైప్ చేయొచ్చు. రాసేది ఒక్క వాక్యం నిజమే. జోకు మానేయడం మంచిది, మొహం కనపడనిచోట అది వెటకారంగానే చదువుతారు. ఒంటరి బొటనవేలు గుర్తు, ఉత్త “ఓకే” కూడా వద్దు. అవి మాటల వేషంలో ఉన్న మౌనమే.

ఏది ఎంచుకోవాలి

నన్ను అడిగితే వరుస ఇలా ఉంటుంది. మళ్లీ కనపడని మనిషి, మాట మనకే తగిలింది, అయితే నవ్వి వదిలేయడం. మళ్లీ కనపడే మనిషి, ఆ మాట కింద పడగొట్టగల తప్పు ఏదైనా ఉంది, అయితే ఒక్క వాక్యం నిజం, వెనకే ఒక ప్రశ్న. తప్పంటూ ఏమీ లేదు, మనిషినే తగ్గించారు, అయితే వాడిన మాట మీద ప్రశ్న. అలవాటుగా అంటున్నారు, అయితే విడిగా చెప్పడం. జోకు ఈ వరుసలో లేదు. అది తోస్తే వాడుకోవాలి, లేకపోతే లేదు.

వయసులో బాగా పెద్దవాళ్లయితే ఒక మెట్టు తగ్గి ఎంచుకుంటాను. ప్రశ్న అడగాల్సినచోట నిజం చెప్పి ఊరుకుంటాను. మాట తగిలింది అక్కడే ఉన్న పిల్లలకో, మన ఇంట్లో పనిచేసే మనిషికో అయితే ఒక మెట్టు పైకి వెళ్తాను. వాళ్లు తమ తరఫున మాట్లాడుకోలేని చోట మనం వదిలేయడం కుదరదు.

ఇన్ని చూసుకుని జవాబిచ్చినా ఒక్కోసారి ఎదురు మాట వస్తుంది. “అయ్యో, మీరు సీరియస్ అయిపోతున్నారేంటండీ, సరదాకి అన్నాను.” ఇది రెండో ఉచ్చు. “సీరియస్ కాలేదు” అని నిరూపించడానికి వెళ్తే సీరియస్ అయినట్టే కనిపిస్తాం. “సరదాకి ఇలాగే అంటారా” అంటే గొడవ మొదలైనట్టే. నవ్వు మొహంతోనే “సీరియస్ ఏం లేదండీ, తెలియదేమోనని చెప్పాను” అని పక్కావిడ వైపు తిరిగి, “మీరు పులిహోర తీసుకున్నారా?” అని అడగాలి. ఆవిడ ఇంకా కొనసాగించాలనుకుంటే ఒంటరిగా కొనసాగించాలి. అంత దూరం ఎవరూ వెళ్లరు.